స్ప్రింట్ మధ్యలో వచ్చిపడే పనులు: లెక్క చూపడానికి నాలుగు పద్ధతులు, వాటిలో ఏది ఎవరికి

బెంగళూరు బెళ్లందూరులో మా ఆఫీసు. ఆ శుక్రవారం సాయంత్రం స్ప్రింట్ రివ్యూ కాల్‌లో రిపోర్టు తెరమీద పెట్టాను. మొదట అనుకున్నవి 42 పాయింట్లు, పూర్తయినవి 40. అంటే 95 శాతం. టీంలో అందరం సంతోషంగానే ఉన్నాం. అప్పుడు క్లయింటు వైపు మేనేజరు ఒక్క ప్రశ్న అడిగారు. "మరి రీఫండ్ స్క్రీన్ ఏమైంది?"

ఆ రెండు వారాల్లో మేము చెయ్యాల్సిన ముఖ్యమైన పని రీఫండ్ స్క్రీనే. అది పూర్తి కాలేదు. రిపోర్టులో ఏ అంకే తప్పు కాదు, అయినా ఆ స్క్రీన్ ఎందుకు ఆగిందో ఆ అంకెల్లో ఎక్కడా లేదు. నేను ఏదో సర్దిచెప్పాను. కాల్ అయ్యాక ఒక్కో టికెట్ తెరిచి చూస్తే విషయం బయటపడింది. మధ్యలో ఆరు కొత్త పనులు వచ్చాయి. వాటిని చేసినందుకు వచ్చిన పాయింట్లు, చెయ్యకుండా వదిలేసిన పాత పనుల ఖాళీని నింపేశాయి. రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుని పనిచేసిన పిల్లల కష్టం కూడా ఆ 95లో కనిపించలేదు, ఆ కష్టం ఎటు పోయిందో కూడా కనిపించలేదు.

అప్పటినుంచి ఏడాదిన్నరలో నాలుగు పద్ధతులు వాడి చూశాను. మా టీం జిరా వాడుతుంది కాబట్టి ఉదాహరణలు అందులోంచే ఇస్తాను. వేరే టూల్ వాడేవాళ్లకు కూడా మూడో పద్ధతి ఉన్నదున్నట్టుగా పనికొస్తుంది.

## ముందు దేన్ని లెక్కపెడుతున్నామో తేల్చుకోవాలి

మధ్యలో వచ్చిన పనులన్నీ ఒక రకం కావు. అన్నిటినీ ఒకే గంపలో వేస్తే రిపోర్టు చదివేవాళ్లకు ఏమీ అర్థం కాదు.

మొదటి రకం, తవ్వేకొద్దీ బయటపడే పని. రీఫండ్ స్టోరీ మొదలుపెట్టాక పాత టేబుల్‌కు ఇండెక్స్ లేదని, అది వెయ్యకపోతే స్క్రీన్ తెరుచుకోవడానికి పన్నెండు సెకన్లు పడుతుందని తెలిసింది. ఇది ఎవరో మన మీద మోపిన పని కాదు. అనుకున్న లక్ష్యాన్ని చేరడానికే కావలసిన పని. 2020 స్క్రమ్ గైడ్ కూడా, పని గురించి ఎక్కువ తెలిసేకొద్దీ ప్రొడక్ట్ ఓనర్‌తో మాట్లాడి స్కోప్‌ను మళ్లీ సర్దుకోవచ్చని చెబుతుంది. ఇలాంటిది ఎక్కువగా వస్తోందంటే మన అంచనాలు తేలిగ్గా వేస్తున్నామని అర్థం.

రెండో రకం, బయటి నుంచి వచ్చే పని. ప్రొడక్షన్‌లో బగ్, డెమో కోసం క్లయింటు అడిగిన రిపోర్టు, పక్క టీం చెప్పకుండా మార్చిన ఏపీఐ. మామూలుగా మనం స్కోప్ క్రీప్ అని మొత్తుకునేది దీని గురించే.

మూడోది కనిపించదు. కొత్త టికెట్ ఏదీ రాదు, పాత స్టోరీ లోపలే పెరుగుతుంది. సోమవారం స్టోరీలో మూడు షరతులు ఉంటాయి, బుధవారానికి కామెంట్లలో ఏడు అవుతాయి. ఏ టూలూ దీన్ని పట్టుకోదు, ఎందుకంటే టికెట్ నంబరు మారలేదు, పాయింట్లు మారలేదు. మా దగ్గర అందరూ అలవాటుగా అనే మాట ఒకటుంది. "అన్నా, చిన్నదే, ఇందులోనే కలిపేస్తున్నా." ఈ మాట వినిపించినప్పుడల్లా నాకు టెన్షన్. కలిపేసిన ప్రతి చిన్నదీ రిపోర్టు నుంచి మాయమైపోతుంది.

ఏ పద్ధతి ఎంచుకున్నా, మొదటి రెండు రకాలను అది విడదీసి చూపగలదా, మూడో రకానికి ఏం చెయ్యాలి అన్న రెండు ప్రశ్నలు అడగండి.

## ఒకటి: జిరా తానే పెట్టే స్టార్

దీనికి మనం చెయ్యాల్సిన పని ఏమీ లేదు. స్ప్రింట్ మొదలయ్యాక ఏ టికెట్ లోపలికి వచ్చినా `Sprint Report`లో దాని నంబరు పక్కన స్టార్ గుర్తు పడుతుంది. మధ్యలో తీసేసినవి అదే పేజీలో కింద విడిగా కనిపిస్తాయి. `Burndown Chart` కింద ఉండే పట్టికలో ఏ రోజు, ఏ గంటకు ఏది లోపలికొచ్చింది, ఏది బయటికి పోయింది, దేని అంచనా మారింది అన్నీ `Scope change` పేరుతో వరుసగా ఉంటాయి. ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడని రికార్డు ఇది. అందుకే దీన్ని నేను ఎప్పుడూ ఆధారంగా పెట్టుకుంటాను.

అయితే చాలామంది ఈ పేజీని చూపించరు, `Velocity Chart`ను చూపిస్తారు. చిక్కంతా అక్కడే. అందులో బూడిదరంగు కడ్డీ `Commitment`, ఆకుపచ్చ కడ్డీ `Completed`. బూడిదరంగు కడ్డీ స్ప్రింట్ మొదలైన క్షణంలో ఉన్న పాయింట్లను మాత్రమే లెక్కవేస్తుంది, తర్వాత చేరినవి అందులోకి రావు. ఆకుపచ్చ కడ్డీ మాత్రం చివరికి పూర్తయినవన్నీ లెక్కవేస్తుంది, మధ్యలో చేరి పూర్తయినవి కూడా. అంటే పక్కపక్కన నిలబడిన ఆ రెండు కడ్డీలు ఒకే పనుల గురించి చెప్పడం లేదు. 42కు 40 అని చూసి 42లో 40 అయ్యాయని మనం చదువుకుంటాం. ఆ రోజు నేనూ అలాగే చదివి వినిపించాను. ఆ చార్టు వెలాసిటీ అంచనా కోసం చేసింది, దానికి అది సరిపోతుంది. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నామా అని చూడటానికి మాత్రం పనికిరాదు.

స్టార్‌కు ఇంకో బలహీనత ఉంది. అది మనం `Start sprint` బటన్ ఎప్పుడు నొక్కామన్న దాని మీద ఆధారపడుతుంది. మా పక్క టీంలో ప్లానింగ్ సోమవారం పొద్దున అయ్యేది, బటన్ మంగళవారం మధ్యాహ్నం నొక్కేవారు. ఆ ఒకటిన్నర రోజులో వచ్చిన బగ్‌లు, అత్యవసరాలు అన్నీ మొదటి నుంచీ అనుకున్నవే అన్నట్టు కలిసిపోయేవి. దీనికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది. ప్లానింగ్ ఇంకా నడుస్తుండగానే ఎవరో బటన్ నొక్కేస్తారు, తర్వాత చేర్చిన మంచి స్టోరీలకు కూడా స్టార్లు పడతాయి. రిపోర్టులో మూడొంతులు స్టార్లే కనిపిస్తున్నా, లేక రెండు నెలలుగా ఒక్క స్టార్ కూడా లేకపోయినా, ముందుగా బటన్ నొక్కిన సమయాన్ని చూడండి.

పాయింట్లు లేని టికెట్ల సంగతి కూడా చూసుకోవాలి. చాలా ప్రాజెక్టుల్లో బగ్‌లకు స్టోరీ పాయింట్లు వెయ్యరు. అలాంటి బగ్ మధ్యలో వస్తే స్టార్ పడుతుంది గానీ బర్న్‌డౌన్ గీత ఒక్క అంగుళం కూడా పైకి లేవదు. రెండు రోజులు తినేసిన బగ్ లెక్కలో సున్నా. అందుకే పాయింట్లతో పాటు ఎన్ని టికెట్లు వచ్చాయో ఆ సంఖ్య కూడా రాయాలి.

ఇక ఎందుకు వచ్చింది, ఎవరు అడిగారు, దాని కోసం ఏది ఆగింది అన్నవి స్టార్ చెప్పదు. ఆ మూడూ లేకపోతే రివ్యూలో అడిగే మొదటి ప్రశ్నకే జవాబుండదు.

## రెండు: లేబుల్ లేదా విడి ఫీల్డ్

మధ్యలో టికెట్ చేర్చేవాళ్లు దానికో లేబుల్ పెట్టాలి. తర్వాత జిరా సెర్చ్‌లో ఒక్క ప్రశ్నతో అన్నీ ముందుకొస్తాయి.

```
project = PAY AND sprint in openSprints() AND labels = added-s14
```

లేబుల్‌లో స్ప్రింట్ నంబరు ఎందుకు పెట్టానో చెబుతాను. మేము మొదట్లో `mid-sprint` అని మాత్రమే పెట్టాం. లేబుల్ టికెట్‌కు అంటుకుంటుంది గానీ స్ప్రింట్‌కు కాదు. పద్నాలుగో స్ప్రింట్ మధ్యలో వచ్చిన టికెట్ పూర్తికాక పదిహేనుకు స్పిల్ అయితే లేబుల్ కూడా దాంతోపాటే వెళ్తుంది. పదిహేనులో అది మొదటి రోజు నుంచే ఉన్న పని, అయినా మళ్లీ మధ్యలో వచ్చిన పనిగా లెక్కకొస్తుంది. రెండు స్ప్రింట్‌ల పాటు మా అంకెలు ఇలా ఉబ్బిపోయాయి. నంబరు చేర్చాక ఆ చిక్కు పోయింది.

లేబుల్ అంటే ఎవరికి తోచినట్టు వాళ్లు టైపు చేసేది. `midsprint`, `mid_sprint`, `Mid-Sprint` అని ముగ్గురు మూడు రకాలుగా రాస్తే ప్రశ్నకు ఒక్కటే దొరుకుతుంది. జిరా అడ్మిన్ మీ మాట వినేవారైతే లేబుల్‌కు బదులు ఎంచుకునే ఫీల్డ్ ఒకటి పెట్టించుకోండి. 'లోపల బయటపడింది, ప్రొడక్షన్, క్లయింటు, పక్క టీం' అని నాలుగు విలువలు చాలు. పది పెడితే ఎవరూ సరైనది ఎంచుకోరు.

ఆటోమేషన్ రూల్‌తో లేబుల్ దానంతటదే పడేలా కూడా చెయ్యొచ్చు. స్ప్రింట్ ఫీల్డ్ మారినప్పుడు నడిచే రూల్ అది. అందులో `sprint in openSprints()` అనే షరతు మరిచిపోతే వచ్చే స్ప్రింట్‌ కోసం బ్యాక్‌లాగ్‌లో సర్దుతున్న టికెట్లకు కూడా లేబుల్ పడిపోతుంది. రూల్ పెట్టినా కారణం మాత్రం మనిషే రాయాలి.

ఈ పద్ధతికి ఉన్న పెద్ద లోపం, మనుషులు మరిచిపోతారు. హడావుడి ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువగా మరిచిపోతారు. అంటే స్కోప్ బాగా పెరిగిన స్ప్రింట్‌లోనే లెక్క తక్కువ చూపిస్తుంది. దీన్ని పట్టుకోవడం సులభం. లేబుల్ ఉన్న టికెట్లను, స్టార్ ఉన్న టికెట్లను పక్కపక్కన పెట్టి చూడండి. స్టార్ ఉండి లేబుల్ లేనివి ఎన్ని ఉంటే అన్ని మరిచిపోయినట్టు.

## మూడు: మొదటి రోజు జాబితా తీసి దాచుకోవడం

నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే. ప్లానింగ్ అయిపోయి `Start sprint` నొక్కిన వెంటనే ఆ స్ప్రింట్‌లో ఉన్న టికెట్లన్నీ సీఎస్వీగా దించుకుని, షీట్‌లో `Day1` అనే పేజీలో పెట్టేయాలి. ఆ పేజీని మీరు తప్ప ఎవరూ ముట్టుకోకుండా లాక్ చెయ్యాలి. టికెట్ నంబరు, పేరు, రకం, పాయింట్లు అనే నాలుగు నిలువు వరుసలు చాలు.

```
sprint in openSprints() AND project = PAY
AND issuetype in standardIssueTypes()
```

సబ్‌టాస్కులు కలవకుండా ఉండటానికే ఆ చివరి షరతు. చివరి రోజు ఇదే ప్రశ్నతో ఇంకో జాబితా దించి `End` పేజీలో పెట్టాలి. `Complete sprint` నొక్కకముందే దించాలి. నొక్కాక ఆ స్ప్రింట్ తెరిచి ఉన్నవాటి లెక్కలోకి రాదు, పై ప్రశ్నకు ఖాళీ జాబితా వస్తుంది, లేదా వచ్చే స్ప్రింట్ అప్పటికే మొదలై ఉంటే దాని టికెట్లు వస్తాయి. `End` పేజీలో ప్రతి టికెట్ పక్కన ఈ ఫార్ములా పెట్టండి.

```
=IF(COUNTIF('Day1'!A:A, A2)=0, "NEW", "")
```

`Day1` పేజీలో దీనికి ఎదురు ఫార్ములా పెడితే బయటికి పోయినవి తెలుస్తాయి.

```
=IF(COUNTIF(End!A:A, A2)=0, "OUT", "")
```

ఇందులో నాకు బాగా నచ్చేది, పాయింట్లు మారినవి కూడా దొరకడం. మొదటి రోజు 3 ఉన్న స్టోరీ చివరి రోజు 8 అయితే రెండు పేజీలు పోల్చగానే తెలుస్తుంది. మూడో రకం, అంటే స్టోరీ లోపలే పెరిగే పని గురించి చిన్న ఆధారమైనా ఇక్కడ దొరుకుతుంది. మేము ఇంకో అడుగు ముందుకేసి, పెద్ద స్టోరీల షరతుల సంఖ్యను కూడా `Day1`లో రాసుకుంటాం. మూడు షరతులు ఏడు అయ్యాయని చెప్పడానికి ఆ ఒక్క అంకె చాలు.

దీనికీ హద్దు ఉంది. బుధవారం లోపలికొచ్చి శుక్రవారం బయటికి పోయిన టికెట్ రెండు జాబితాల్లోనూ ఉండదు. దాని మీద ఒకరు రెండు రోజులు పనిచేసి ఉండొచ్చు. అలాంటివి బర్న్‌డౌన్ కింది పట్టికలో మాత్రమే దొరుకుతాయి. నేను చివరి రోజు ఆ పట్టికను ఒకసారి పైనుంచి కిందికి చదువుతాను. ఐదు నిమిషాల పని.

## నాలుగు: ముందే కొంత చోటు వదలడం

ప్లానింగ్‌లోనే ఆరో వంతో, ఐదో వంతో పాయింట్లు ఖాళీగా వదిలి, 'సపోర్ట్' పేరుతో ఒక టికెట్ పెడతారు. మధ్యలో వచ్చినవన్నీ దాని కింద సబ్‌టాస్కులుగా చేరతాయి. ప్రొడక్షన్ సపోర్ట్ రోజూ ఉండే టీంకు ఇది అవసరం, టీం మీద ఒత్తిడి కూడా తగ్గుతుంది. రిపోర్టు కోసం మాత్రం దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. 8 పాయింట్ల టికెట్ కింద పదహారు సబ్‌టాస్కులు చేరినా పైన 8 గానే కనిపిస్తుంది, స్ప్రింట్ చివర 'పూర్తయింది' అని ఆకుపచ్చగా మారిపోతుంది. ఆ టికెట్‌కు ఎన్ని గంటలు పోయాయో విడిగా రాస్తేనే దానికి విలువ.

## ఆ స్ప్రింట్‌నే మళ్లీ లెక్కేస్తే

రీఫండ్ స్క్రీన్ ఆగిపోయిన స్ప్రింట్‌ను బర్న్‌డౌన్ పట్టిక పట్టుకుని మూడో పద్ధతిలో మళ్లీ కట్టాను. ఆరుగురు డెవలపర్లు, పది పనిదినాలు, మొదట 42 పాయింట్లు.

మధ్యలో వచ్చినవి ఆరు. రెండో రోజు ప్రొడక్షన్‌లో పేమెంట్ టైమౌట్ బగ్, 3 పాయింట్లు. మూడో రోజు క్లయింటు డెమో కోసం ఎక్సెల్ ఎక్స్‌పోర్ట్, 5. అదే రోజు సెక్యూరిటీ ప్యాచ్, 1. నాలుగో రోజు రీఫండ్ కోసం ఇండెక్స్ పని బయటపడింది, 2. ఐదో రోజు పక్క టీం ఏపీఐ మార్చింది, దానికి తగ్గట్టు మన కోడ్ సర్దడానికి 3. ఏడో రోజు ఈమెయిల్ టెంప్లేట్‌లో మార్పు, 1. మొత్తం 15 పాయింట్లు. వీటిలో ఇండెక్స్ పని ఒక్కటే మనలోంచి బయటపడింది, మిగతా 13 బయటి నుంచి వచ్చాయి.

వీటికి చోటు చెయ్యడానికి ఆరో రోజు రెండు స్టోరీలు బయటికి తీశాం, స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ 5, నోటిఫికేషన్ సెట్టింగ్స్ 3. మొత్తం 8. అంటే 15 లోపలికొస్తే 8 మాత్రమే బయటికి పోయాయి. స్ప్రింట్ 42 నుంచి 49కు పెరిగింది. ఆ 7 పాయింట్లు ఎవరు మోస్తారో ఎవరమూ మాట్లాడుకోలేదు.

చివరికి ఏం జరిగిందంటే, మొదటి 42లో 27 పూర్తయ్యాయి, 8 బయటికి పోయాయి, 7 మిగిలిపోయాయి. ఆ 7లో 5 రీఫండ్ స్క్రీనే. మధ్యలో వచ్చిన 15లో 13 పూర్తయ్యాయి, 2 మిగిలాయి. ఆ 2 ఇండెక్స్ పని. 27, 13 కలిపితే 40. చార్టులో చూసిన 40 ఇదే.

ఇప్పుడు చూడండి. బయటి నుంచి వచ్చిన 13 పాయింట్లూ పూర్తయ్యాయి, ఒక్కటి కూడా మిగల్లేదు. మన లక్ష్యం కోసం కావలసిన 2 మిగిలిపోయాయి, వాటితోపాటు లక్ష్యమూ ఆగిపోయింది. ఇండెక్స్ పని చెయ్యాల్సిన అమ్మాయి మూడో రోజు నుంచి ఎక్సెల్ ఎక్స్‌పోర్ట్ మీద ఉంది. మొదట అనుకున్నదాంట్లో అయ్యింది 64 శాతం. స్కోప్ చేరిక 36 శాతం. 95 అనే అంకెకు ఈ కథలో చోటే లేదు.

ఇప్పుడు మా రిపోర్టు మొదటి పేజీలో ఉండేది ఇంతే:

మొదట అనుకున్నది: 42 పాయింట్లు
అందులో పూర్తయింది 27, బయటికి తీసింది 8, మిగిలింది 7
మధ్యలో చేరింది: 15, ఆరు టికెట్లు (లోపల బయటపడింది 2, బయటి నుంచి 13)
అందులో పూర్తయింది 13, మిగిలింది 2

దాని కింద చేరిన ప్రతి టికెట్‌కు ఒక్కో వాక్యం ఉంటుంది. ఏ రోజు వచ్చింది, ఏ వైపు నుంచి వచ్చింది, దాని కోసం ఏది ఆగింది. 'మూడో రోజు ఎక్సెల్ ఎక్స్‌పోర్ట్ వచ్చింది, క్లయింటు డెమో కోసం, దానివల్ల ఇండెక్స్ పని వెనక్కి పోయింది' అని రాసి ఉంటే ఆ శుక్రవారం నేను సర్దిచెప్పాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఎక్స్‌పోర్ట్ అడిగింది ఆ మేనేజరు టీమే. అడగడంలో తప్పేమీ లేదు, దాని ఖరీదు ఎంతో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

## ఎవరికి ఏది

టీంలో నలుగురైదుగురే ఉండి, స్ప్రింట్‌కు ఒకటో రెండో పనులు మాత్రమే మధ్యలో వస్తుంటే స్టార్ సరిపోతుంది. `Sprint Report` తెరిచి స్టార్ ఉన్నవాటి గురించి నోటితో చెప్పండి. బటన్ నొక్కే సమయం మాత్రం ప్లానింగ్ ముగిసిన నిమిషానికి తెచ్చుకోండి. షీట్లు, ఫీల్డులు పెట్టుకుని అందరినీ విసిగించాల్సిన పని లేదు.

క్లయింటుకు లెక్క చెప్పాల్సిన టీం, అందులోనూ గంటల లెక్కన బిల్లు కాకుండా ఒప్పుకున్న పనికి డబ్బు తీసుకునే టీం అయితే మూడో పద్ధతి, దానికి తోడు కారణం చెప్పే ఫీల్డ్. నేను వాడేది ఈ జోడీనే. జాబితా ఎంత పెరిగిందో చెబుతుంది, ఫీల్డ్ ఎందుకు పెరిగిందో చెబుతుంది. రెండిట్లో ఒకదానికే ఓపిక ఉందంటే జాబితానే ఉంచుకోండి. కారణాలు తర్వాతైనా అడిగి రాసుకోవచ్చు, మొదటి రోజు చిత్రాన్ని మళ్లీ సరిగ్గా తీసుకోవడం చాలా కష్టం.

ఒకే ఆఫీసులో ఆరేడు టీంలు ఉండి, అందరి లెక్కలూ ఒకచోట చూడాల్సిన మేనేజరుకు షీట్లు కుదరవు. అక్కడ ఫీల్డ్, ఆటోమేషన్ రూల్ పెట్టించడమే మేలు. స్క్రిప్ట్‌రన్నర్ అనే ప్లగిన్ ఉన్న ఆఫీసుల్లో `addedAfterSprintStart` అనే ఫంక్షన్‌తో మధ్యలో చేరిన టికెట్లు నేరుగా వస్తాయి. అది ఉందేమో మీ అడ్మిన్‌ను అడగండి.

ప్రొడక్షన్ సపోర్టే సగం పనిగా ఉన్న టీం నాలుగో పద్ధతి వాడుతూ గంటలు రాసుకోవాలి. మూడు నాలుగు స్ప్రింట్‌లు వరుసగా సగానికి మించి పని మధ్యలోనే వస్తోందంటే ఆ టీంకు రెండు వారాల ప్లాన్ కుదరదని అర్థం. వాళ్లకు కాన్‌బాన్ బోర్డు పెట్టి, ఒక పని మొదలై పూర్తవడానికి ఎన్ని రోజులు పడుతోందో చూపించడం నయం.

## లెక్క పాడయ్యే చోట్లు

ఈ రిపోర్టు మొదలుపెట్టిన రెండో నెలలో మా దగ్గర ఒక మార్పు కనిపించింది. మధ్యలో చేరేవి ఉన్నట్టుండి తగ్గిపోయాయి. సంతోషించబోయి, పూర్తయిన స్టోరీల కింద సబ్‌టాస్కులు లెక్కపెట్టాను. అవి రెట్టింపు అయ్యాయి. రిపోర్టులో పేరు పడుతుందని కొత్త పనుల్ని పాత స్టోరీల కింద దూర్చేస్తున్నారు. ఈ ప్రశ్నతో అవి దొరుకుతాయి, తేదీ దగ్గర మీ స్ప్రింట్ మొదలైన సమయం పెట్టండి.

```
project = PAY AND sprint in openSprints() AND issuetype in subTaskIssueTypes()
AND created >= "2025/06/02 11:30"
```

ఇందులో కొన్ని పనిని విడగొట్టుకోవడానికి వేసుకున్న మామూలు సబ్‌టాస్కులే, వాటిని పట్టించుకోనక్కర్లేదు. పేరు చదివితే స్టోరీతో సంబంధం లేనివి వెంటనే తెలుస్తాయి. మా టీంను కూర్చోబెట్టి అడిగితే నెల్లూరు కుర్రాడు ఒకడు నిజం చెప్పాడు. "అన్నా, మధ్యలో చేర్చినవాళ్ల పేరు రాస్తున్నారు కదా, అందరిముందూ మేమే తప్పుచేసినట్టు ఉంటోంది." అతను చెప్పింది నిజమే. టికెట్ వేసేది డెవలపర్, పని పంపేది వేరే ఎవరో. అప్పటినుంచి మనుషుల పేర్లు తీసేసి, ఏ వైపు నుంచి వచ్చిందో మాత్రమే రాస్తున్నాం. సబ్‌టాస్కులు మళ్లీ మామూలు సంఖ్యకు వచ్చాయి.

మధ్యలో వచ్చిన పనికి పాయింట్లు ఎప్పుడు వేస్తున్నారో కూడా చూసుకోండి. పని అయిపోయాక వేస్తే పట్టిన సమయాన్ని బట్టి వేస్తారు, ప్లానింగ్‌లో వేసిన పాయింట్లతో అది పోల్చడానికి కుదరదు. లోపలికి వచ్చిన రోజు స్టాండప్‌లోనే ఇద్దరు మాట్లాడుకుని వెయ్యాలి. అదే సమయంలో ప్రొడక్ట్ ఓనర్‌ను 'దీని బదులు ఏది తీస్తాం' అని అడిగి, ఆ జవాబును టికెట్‌లోనే రాయాలి. మా ప్రొడక్ట్ ఓనర్ చెన్నైలో ఉంటారు. మొదట్లో "రెండూ చేద్దాం లెండి" అనేవారు. మూడు రిపోర్టుల్లో లోపలికొచ్చినవి 15, బయటికి పోయినవి 8 లాంటి అంకెలు వరుసగా చూశాక, ఇప్పుడు ఆమే ముందుగా ఏది తియ్యాలో చెప్పి ఆ తర్వాతే కొత్త పని పంపుతున్నారు.

'ఏ వైపు నుంచి' అన్న వరుసను నాలుగు స్ప్రింట్‌లు కలిపి చూస్తే పక్క టీం ఏపీఐ మార్పులు ప్రతిసారీ ఉన్నాయి, ఒక్కోసారి 3, ఒకసారి 5. ఆ పేజీ ప్రింటు తీసి వాళ్ల లీడ్ దగ్గరికి వెళ్లాను. ఇంత అవుతోందని ఆయనకు నిజంగా తెలియదు. ఇప్పుడు మా ప్లానింగ్‌కు ముందు శుక్రవారమే తమ మార్పుల జాబితా పంపుతున్నారు, అవి మొదటి రోజు నుంచే మా 42లో ఉంటున్నాయి.